డిజిటల్ సంతకంతో బోర్డు మినిట్స్: ముసాయిదా నుంచి శాశ్వత భద్రత వరకు

కంపెనీ బోర్డు సమావేశంలో ఏం జరిగిందో, ఏ తీర్మానాలు ఆమోదం పొందాయో నమోదు చేసే పత్రాన్ని మినిట్స్ అంటారు. 2013 కంపెనీల చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం ప్రతి సమావేశానికీ మినిట్స్ తయారు చేసి, అది ముగిసిన 30 రోజుల్లోగా మినిట్స్ బుక్‌లో ఎక్కించాలి. చట్టం చెప్పిన పద్ధతిలో రాసి ఉంచిన మినిట్స్‌నే ఆ సమావేశంలో జరిగినదానికి సాక్ష్యంగా తీసుకుంటారు. బ్యాంకు అప్పు ఇవ్వడానికి ముందు, కొత్త పెట్టుబడిదారు డబ్బు పెట్టడానికి ముందు, డైరెక్టర్ల మధ్య తగవు ట్రిబ్యునల్‌కు చేరినప్పుడు మొదట అడిగేది ఈ పుస్తకమే.

ఒకప్పుడు ఇది అక్షరాలా పుస్తకం. నంబరు వేసిన పేజీలు, ప్రతి పేజీ మీద చైర్మన్ పొడి అక్షరాలు, చివరి పేజీలో పూర్తి సంతకం, తేదీ, స్థలం ఉండేవి. సంతకం కింద ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టేవారు. తర్వాత ఎవరూ ఒక వాక్యం చేర్చకుండా, ఒక పేజీ మార్చకుండా ఉండటానికే ఈ జాగ్రత్తలన్నీ. ఇప్పుడు అదే చట్టంలోని 120వ సెక్షన్ రికార్డులను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచుకోవడానికి వీలు కల్పిస్తోంది. బోర్డు సమావేశాల కోసం కంపెనీ సెక్రటరీల సంస్థ ఐసీఎస్ఐ రూపొందించిన సెక్రటేరియల్ ప్రమాణం ఎస్ఎస్-1 కూడా కాగితం మీద గానీ ఎలక్ట్రానిక్‌గా గానీ మినిట్స్ ఉంచుకోవచ్చని చెబుతుంది. అయితే ఎలక్ట్రానిక్ పద్ధతికి రెండు షరతులు పెట్టింది. రికార్డుకు టైమ్‌స్టాంప్ ఉండాలి. చైర్మన్ డిజిటల్‌గా సంతకం చేయాలి. ఏ రూపాన్ని ఎంచుకున్నా అన్ని సమావేశాలకూ అదే పాటించాలి. జూన్ మినిట్స్ కాగితం మీద, సెప్టెంబరువి కంప్యూటర్‌లో అన్నట్టు ఉండకూడదు. పద్ధతి మార్చాలనుకుంటే దానికి బోర్డు అనుమతి తీసుకోవాలి.

ఇక్కడే చాలా కంపెనీలు పొరపడుతున్నాయి. చైర్మన్ సంతకాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఆ బొమ్మను వర్డ్ ఫైలు చివర అతికించి, పీడీఎఫ్ చేసి ఈమెయిల్‌లో పంపేస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ బొమ్మను ఎవరైనా ఏ ఫైలులోనైనా అతికించవచ్చు. చైర్మనే అతికించాడని చెప్పడానికి ఫైలులో ఏ ఆధారమూ ఉండదు. 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం చేతి సంతకానికి సమానంగా చెల్లేవి కొన్నే. లైసెన్సు పొందిన సంస్థ జారీ చేసిన సర్టిఫికెట్‌తో చేసే డిజిటల్ సంతకం వాటిలో మొదటిది. ఆ చట్టం రెండో షెడ్యూలులో చేర్చిన పద్ధతులు మిగిలినవి. ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సైన్ 2015లో ఆ షెడ్యూలులో చేరింది. సంతకం బొమ్మకు గానీ, పేరు టైపు చేసి బటన్ నొక్కడానికి గానీ ఆ జాబితాలో చోటు లేదు. "ఆమోదిస్తున్నాను" అని చైర్మన్ పంపిన ఈమెయిల్ ఆయన ఉద్దేశాన్ని తెలుపుతుంది. మినిట్స్ మీద సంతకంగా మాత్రం అది లెక్కకు రాదు.

డిజిటల్ సంతకం ఎలా పనిచేస్తుందో కొద్దిగా తెలిస్తే తర్వాత పాటించాల్సిన జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి. సంతకం చేసే సాఫ్ట్‌వేర్ ముందుగా ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి ఒక చిన్న అంకెల వరుసను తయారు చేస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఈ హ్యాష్ పూర్తిగా వేరుగా వస్తుంది. "25 లక్షల రుణం" అన్న చోట 2ను 3 చేసినా పాత హ్యాష్‌కూ కొత్తదానికీ పోలికే ఉండదు. సంతకం చేసే వ్యక్తి దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో ఆ హ్యాష్‌ను ముడివేసి, ఆ ఫలితాన్నీ ఆ వ్యక్తి సర్టిఫికెట్‌నూ పీడీఎఫ్ లోపలే భద్రపరుస్తారు. చదివేవారి సాఫ్ట్‌వేర్ ఫైలును మళ్లీ లెక్కగట్టి రెండింటినీ సరిపోల్చుతుంది. కుదిరితే సంతకం తర్వాత ఫైలు మారలేదని, ఆ తాళం సర్టిఫికెట్‌లోని వ్యక్తిదేనని తేలుతుంది. ఒక్క సంతకమే పేజీలన్నిటికీ కాపలా కాస్తుంది కనుక పేజీ పేజీకీ పొడి అక్షరాలు చేసే పనిని అదే చేసిపెడుతుంది.

పేజీ మీద కనిపించే పేరు, తేదీ, ఆకుపచ్చ టిక్కు గుర్తు ఆ సంతకానికి ముఖం మాత్రమే. అసలు సంతకం ఫైలు లోపలి డేటాలో ఉంటుంది.

ఆ రహస్య తాళం సాధారణంగా యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. మన దగ్గర దీన్ని డీఎస్సీ అనే పిలుస్తారు. ప్రభుత్వ నియంత్రణాధికారి సీసీఏ నుంచి లైసెన్సు పొందిన సంస్థలు గుర్తింపు పత్రాలు చూసి, వీడియో ద్వారా ధ్రువీకరించుకుని ఈ సర్టిఫికెట్లు ఇస్తాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నది క్లాస్ 3. దీని గడువు ఒకటి నుంచి మూడేళ్లు. ఈ-సైన్‌లో టోకెన్ అవసరం ఉండదు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది నమోదు చేశాక ఆ ఒక్క సంతకం కోసమే తాళం పుట్టి, పని అయ్యాక చెరిగిపోతుంది. దాని సర్టిఫికెట్ గడువు అరగంట మాత్రమే. ఈ అరగంట సంగతి టైమ్‌స్టాంప్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

మొత్తం ప్రక్రియను ఒక ఉదాహరణతో చూడవచ్చు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఐదుగురు డైరెక్టర్లు, ఒక కంపెనీ సెక్రటరీ ఉన్నారనుకుందాం. డైరెక్టర్లలో ఒకరు అమెరికాలోని డల్లాస్‌లో ఉంటారు. జూన్ 4న బోర్డు సమావేశం జరిగింది. యంత్రాలు కొనడానికి బ్యాంకు నుంచి 25 లక్షల రూపాయల రుణం తీసుకోవాలని తీర్మానించారు.

సెక్రటరీ మొదట రాసేది ముసాయిదా. సమావేశం ముగిసిన 15 రోజుల్లోగా, అంటే జూన్ 19లోగా, సమావేశం నాటికి బోర్డులో ఉన్న డైరెక్టర్లందరికీ అది చేరాలి. సమావేశానికి రాని డైరెక్టర్‌కు కూడా పంపాల్సిందే. చేతికి ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఈమెయిల్ చేయవచ్చు. ఎవరైనా డైరెక్టర్ తనకు ఫలానా విధంగానే పంపమని కోరి ఉంటే ఆయనకు అలాగే పంపాలి. ఈ కంపెనీలో సెక్రటరీ జూన్ 12న ఈమెయిల్ చేశారు. సబ్జెక్టులో సమావేశం తేదీ, "ముసాయిదా" అన్న మాట, అభిప్రాయం తెలపడానికి ఆఖరు తేదీ స్పష్టంగా రాశారు. పంపిన నాటి నుంచి డైరెక్టర్లకు 7 రోజుల గడువు ఉంటుంది. జూన్ 19 దాకా ఎవరూ స్పందించకపోతే ముసాయిదాను వారు ఆమోదించినట్టే భావిస్తారు.

మౌనాన్ని అంగీకారంగా తీసుకునే ఈ నియమం వల్లే ఈమెయిల్ చేరిందనడానికి ఆధారం చాలా విలువైనదవుతుంది. "నాకు అసలు ముసాయిదా రాలేదు" అని రెండేళ్ల తర్వాత ఒక డైరెక్టర్ అన్నాడంటే, పంపినట్టూ చేరినట్టూ చూపే బాధ్యత కంపెనీదే. ఆ రుజువును సమావేశం తేదీ నుంచి కనీసం మూడేళ్లు దాచాలని ఎస్ఎస్-1 చెబుతుంది. ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం సందేశం పంపినవారి అదుపులోని కంప్యూటర్ వ్యవస్థను దాటి బయటి వ్యవస్థలోకి ప్రవేశించినప్పుడు అది పంపినట్టు లెక్క. అందుకోవడానికి నిర్దేశించిన చిరునామా ఉంటే, అక్కడికి చేరినప్పుడు అందినట్టు లెక్క. కాబట్టి డైరెక్టర్ కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చిన చిరునామాకే పంపాలి. ఆయన ఎప్పుడో వాడిన పాత ఆఫీసు మెయిల్‌కు పంపితే తర్వాత వాదించడం కష్టం. చేరలేదంటూ సర్వర్ నుంచి తిరుగు సందేశం వస్తే అదే రోజు వేరే మార్గంలో పంపాలి.

పంపిన మెయిల్ సెక్రటరీ మెయిల్‌బాక్స్‌లో ఉందిలే అనుకోవడం మరో పొరపాటు. ఆ సెక్రటరీ ఉద్యోగం మానేసిన కొన్నాళ్లకు ఐటీ విభాగం ఆ ఖాతాను తొలగిస్తుంది. రుజువు మొత్తం దానితోపాటే పోతుంది. మెయిల్‌ను దాని సాంకేతిక వివరాలతో, అటాచ్‌మెంట్‌తో సహా .eml ఫైలుగా దించి, ఆ సమావేశపు ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. మెయిల్ తెరను ప్రింటు తీసి ఉంచితే చూడటానికి బాగుంటుంది కానీ, ఏ సర్వర్ల గుండా ఏ క్షణాన వెళ్లిందో చెప్పే వివరాలు అందులో ఉండవు.

ఉదాహరణకు తిరిగి వస్తే, డల్లాస్ డైరెక్టర్ జూన్ 17న స్పందించారు. రుణంపై వడ్డీ రేటు గురించి తాను తెలిపిన అభ్యంతరం ముసాయిదాలో లేదని రాశారు. చైర్మన్‌తో మాట్లాడి సెక్రటరీ ఆ వాక్యం చేర్చారు. ఇలా మారిన పాఠాన్ని సంతకానికి ముందే డైరెక్టర్లందరికీ మరోసారి పంపడం మంచిది. దీనివల్ల చివరికి ఏ పాఠం మీద సంతకం పడిందన్న వివాదం రాదు. జూన్ 25న సెక్రటరీ తుది పాఠాన్ని మినిట్స్ బుక్‌లో ఎక్కించి, ఎక్కించిన తేదీని నమోదు చేశారు. 30 రోజుల గడువు జూలై 4 వరకు ఉంది కనుక ఇబ్బంది లేదు. ఒకసారి ఎక్కించాక మినిట్స్‌లో మార్పు చేయాలంటే తర్వాతి సమావేశంలో బోర్డు స్పష్టంగా అనుమతించాలి.

సంతకానికి ముందు ఫైలును సిద్ధం చేయడంలోనే సగం పని ఉంది. సంతకం పడ్డాక ఫైలును ముట్టుకోకూడదు కనుక అవసరమైనవన్నీ ముందే చేర్చాలి. పేజీల సంఖ్యలు, ఎక్కించిన తేదీ, అనుబంధాలు అన్నీ లోపల ఉన్నాయో లేదో చూడాలి. చాలాకాలం నిలవాల్సిన పత్రం కనుక పీడీఎఫ్/ఏ అనే రకంలోకి మార్చాలి. తెలుగు అక్షరాలతో సహా ఫాంట్లన్నీ ఫైలులోనే ఇమిడి ఉండటం వల్ల ఇరవై ఏళ్ల తర్వాత వేరే కంప్యూటర్‌లో తెరిచినా పాఠం చెదరదు. ఈ మార్పిడి కూడా సంతకానికి ముందే జరగాలి. తర్వాత చేస్తే సంతకం చెడిపోతుంది. ఇంకో చిన్న ఏర్పాటు తర్వాత చాలా శ్రమ తప్పిస్తుంది. చివరి పేజీలో రెండు ఖాళీ సంతకం గడులు ముందే పెట్టుకోవాలి. ఒకటి చైర్మన్‌కు, రెండోది నిజప్రతి అని ధ్రువీకరించే సెక్రటరీకి.

జూన్ 27న చైర్మన్ తన టోకెన్ పెట్టి, పిన్ కొట్టి సంతకం చేశారు. ఆ సమావేశానికి అధ్యక్షత వహించినవారు గానీ, తర్వాతి సమావేశానికి అధ్యక్షత వహించేవారు గానీ సంతకం చేయవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో "Lock document after signing" అన్న గడి ఉంటుంది. చైర్మన్ దాన్ని టిక్కు చేస్తే సెక్రటరీ అదే ఫైలులో రెండో సంతకం చేయలేరు. కాబట్టి ఆ గడిని చివరిగా సంతకం చేసేవారికి వదిలేయాలి.

టోకెన్ ఎవరి చేతిలో ఉందన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలా కంపెనీల్లో డైరెక్టర్ల టోకెన్లు, వాటి పిన్ నంబర్లతో సహా, ఆడిటర్ ఆఫీసులోనో అకౌంటెంట్ సొరుగులోనో ఉంటాయి. రిటర్నులు దాఖలు చేయడానికి వీలుగా ఉంటుందని ఇస్తారు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం రహస్య తాళాన్ని తన అదుపులో ఉంచుకోవాల్సింది సర్టిఫికెట్ పొందిన వ్యక్తే. అది ఇతరుల చేతిలో పడిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా జారీ చేసిన సంస్థకు తెలపాలి. టోకెన్ అకౌంటెంట్ దగ్గరుందని ఎదుటివారు నిరూపించిన రోజున ఆ సంతకం చైర్మన్‌దేనన్న వాదన బలహీనపడుతుంది. చైర్మన్ సొంతంగా పెట్టని సంతకాలన్నిటికీ బాధ్యత మాత్రం ఆయన మీదే పడుతుంది. మినిట్స్‌ను తారుమారు చేసినవారికి 118వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో సౌలభ్యం కోసం రాజీ పడకూడదు.

సంతకం జరిగిన సమయం గురించి ఇంకో చిక్కు ఉంది. సాధారణ సంతకంలో కనిపించే సమయం చైర్మన్ కంప్యూటర్ గడియారం చూపినదే. ఆ గడియారాన్ని వెనక్కి తిప్పి జూలై 20న చేసిన సంతకాన్ని జూన్ 27న చేసినట్టు చూపవచ్చు. అందుకే బయటి సర్వర్ నుంచి వచ్చే టైమ్‌స్టాంప్ కావాలి. సంతకం చేసే క్షణంలో సాఫ్ట్‌వేర్ ఆ సర్వర్‌ను సంప్రదిస్తే, ఆ సర్వర్ ఖచ్చితమైన సమయాన్ని తన సొంత డిజిటల్ సంతకంతో కలిపి పంపుతుంది. దీని చిరునామాను సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఒకసారి నమోదు చేస్తే చాలు. ఎస్ఎస్-1 టైమ్‌స్టాంప్ ఉండాలని పట్టుబట్టడం వెనక గట్టి కారణమే ఉంది.

టైమ్‌స్టాంప్‌తో ఇంకో ప్రయోజనం కూడా ఉంది. చైర్మన్ సర్టిఫికెట్ రెండేళ్లలో ముగిసిపోతుంది. అది చెల్లుబాటులో ఉన్నప్పుడు చేసిన సంతకం గడువు ముగిశాక కూడా చెల్లుతుంది. కానీ ఆ సంతకం గడువులోపే జరిగిందని ఎలా తెలుస్తుంది? టైమ్‌స్టాంప్ లేకపోతే ఫైలులో దానికి రుజువు ఉండదు. ఈ-సైన్ సర్టిఫికెట్ అరగంటే ఉంటుంది కనుక అక్కడ ఈ ప్రశ్న మరుసటి రోజే ఎదురవుతుంది. దీనికి పరిష్కారం దీర్ఘకాల ధ్రువీకరణ. అడోబీ తెర మీద దీన్ని LTV అంటారు. సంతకం నాడు సర్టిఫికెట్ రద్దయి లేదని జారీ సంస్థ ఇచ్చిన సమాచారాన్ని కూడా ఫైలులోనే పొందుపరుస్తారు. సంతకం వివరాల్లో "Signature is LTV enabled" అని ఉంటే ఆ పని పూర్తయినట్టు. "not LTV enabled" అని ఉంటే సంతకాల ప్యానెల్‌లో ఆ సంతకం మీద కుడి క్లిక్ చేసి, ధ్రువీకరణ సమాచారాన్ని చేర్చమని కోరవచ్చు. సర్టిఫికెట్ గడువులో ఉండగానే దీన్ని ముగించుకోవాలి.

సంతకమయ్యాక 15 రోజుల్లోగా, మన ఉదాహరణలో జూలై 12లోగా, కంపెనీ సెక్రటరీ ధ్రువీకరించిన ప్రతి డైరెక్టర్లందరికీ చేరాలి. సెక్రటరీ లేని కంపెనీలో బోర్డు అధికారమిచ్చిన డైరెక్టర్ ధ్రువీకరిస్తారు. తనకు అక్కర్లేదని రాతపూర్వకంగా చెప్పినవారికి పంపనక్కర్లేదు. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. చైర్మన్ సంతకం చేసిన ఫైలు తెరిచి, దాని మీద "నిజప్రతి" అని ముద్ర బొమ్మ వేసి సేవ్ చేస్తారు. ఆ క్షణంలోనే ఫైలు మారుతుంది. చదివేవారికి సంతకం తర్వాత మార్పులు జరిగాయన్న హెచ్చరిక కనిపిస్తుంది. మంచి ఉద్దేశంతో వేసిన ముద్ర అసలు సంతకం మీద అనుమానం రేపుతుంది.

సరైన మార్గం ముందే పెట్టుకున్న రెండో గడిలో సెక్రటరీ తన టోకెన్‌తో సంతకం చేయడం. పీడీఎఫ్‌లో రెండో సంతకం మొదటిదాన్ని చెరపకుండా ఫైలు చివర చేరుతుంది. చైర్మన్ ఏ పాఠం మీద సంతకం చేశారో ఆ పాఠాన్ని ప్యానెల్ నుంచి విడిగా తెరిచి చూడవచ్చు కూడా. సంతకం కారణం రాసే చోట "నిజప్రతి" అని రాస్తే సరిపోతుంది. ఇలా ధ్రువీకరించడానికి ఒక నకలు తీసుకుని, చైర్మన్ సంతకం మాత్రమే ఉన్న మూలఫైలును అలాగే పక్కన ఉంచాలి. రెండో గడి పెట్టడం మరచిపోతే ఫైలును కదిలించకుండా, ధ్రువీకరణను విడి పత్రంగా రాసి సంతకం చేసి రెండూ కలిపి పంపవచ్చు.

ఈమెయిల్‌లో ఫైలునే అటాచ్ చేయాలి. డ్రైవ్ లింకు పంపితే ఆ లింకు వెనకున్న ఫైలును రేపు ఎవరైనా మార్చవచ్చు, తొలగించవచ్చు. అప్పుడు డైరెక్టర్ అందుకున్నది ఏమిటో చెప్పడం కుదరదు. ఈమెయిల్‌లో ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా పీడీఎఫ్ మారదు. పేజీలను ఫొటోలుగా పంపితే మాత్రం సంతకం వెళ్లదు. గోప్యత దృష్ట్యా పాస్‌వర్డ్ పెట్టాలనుకుంటే సంతకానికి ముందే పెట్టాలి. లేదంటే పూర్తయిన ఫైలును పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో పంపాలి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకూడదు.

ఇక అందుకున్నవారు ఏం చూడాలి? చాలా ఫోన్ యాప్‌లు, క్రోమ్ వంటి బ్రౌజర్లు సంతకం బొమ్మను చూపిస్తాయి తప్ప పరీక్షించవు. కంప్యూటర్‌లో అడోబీ రీడర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో తెరిచి సంతకాల ప్యానెల్ చూడాలి. పైన "Signed and all signatures are valid" అని వస్తే అంతా సవ్యంగా ఉన్నట్టు. "At least one signature has problems" అని వస్తే వెంటనే కంగారు పడనక్కర్లేదు. భారతీయ సర్టిఫికెట్ల మూలాన్ని ఆ కంప్యూటర్ గుర్తించకపోవడం వల్ల ఇలా తరచూ వస్తుంది. పాన్, ఆధార్ పీడీఎఫ్‌ల మీద పసుపు ప్రశ్నార్థకం కనిపించేది ఇందుకే. ప్యానెల్‌లో సంతకం తర్వాత పత్రం మారలేదని ఉందో లేదో చూడాలి. సర్టిఫికెట్ గొలుసు పైన CCA India అన్న పేరు కనిపించాలి. సీసీఏ వెబ్‌సైటు నుంచి తెచ్చిన మూల సర్టిఫికెట్‌తో దాన్ని సరిపోల్చుకుని నమ్మకమైనదిగా చేర్చుకుంటే ఆ ప్రశ్నార్థకం పోతుంది. ఎవరో పంపిన ఫైలులో కనిపించినదాన్ని గుడ్డిగా నమ్మకమైన జాబితాలో చేర్చకూడదు. "At least one signature is invalid" అని వస్తే మాత్రం ఫైలు మారిందని అర్థం. అప్పుడు ఆ ప్రతిని పక్కన పెట్టి కొత్త ప్రతి అడగాలి. ప్యానెల్‌లో సంతకమే కనిపించకపోతే ఎవరో ప్రింటు తీసి స్కాన్ చేశారనో, ప్రింట్ ఆప్షన్‌తో కొత్త పీడీఎఫ్ చేశారనో గ్రహించాలి. ఫైలు సైజు తగ్గించే వెబ్‌సైట్లు, అనేక పీడీఎఫ్‌లను ఒకటిగా కలిపే వెబ్‌సైట్లు కూడా ఇదే పని చేస్తాయి. ఏడాది మినిట్స్ అన్నీ ఒకే ఫైలుగా ఉంటే బాగుంటుందని కలిపేసి, విడి ఫైళ్లను తీసేస్తే ఆ ఏడాది సంతకాలన్నీ పోయినట్టే.

ప్రింటు కాగితానికి కూడా ఉపయోగం ఉంది. బ్యాంకు రుణం కోసం తీర్మానం ప్రతి అడిగితే, ప్రింటు మీద సెక్రటరీ నిజప్రతి అని రాసి చేతితో సంతకం చేసి ఇవ్వవచ్చు. అక్కడ విలువ సెక్రటరీ ధ్రువీకరణది. కాగితం మీద అచ్చయిన చైర్మన్ డిజిటల్ సంతకం బొమ్మను చూసి ఎవరూ ఏమీ నిర్ధారించలేరు.

మినిట్స్‌ను శాశ్వతంగా ఉంచాలి. ఎలక్ట్రానిక్ రికార్డులకు 2014 నియమాలు పెట్టిన షరతులు సూటిగా ఉన్నాయి. ఎప్పుడైనా తెరిచి చదవగలగాలి, ప్రింటు తీయగలగాలి. తేదీ వేసి డిజిటల్‌గా సంతకం చేశాక మార్చడానికి వీల్లేకుండా ఉండాలి. అనధికారులు తాకకుండా కాపాడాలి, ఎప్పటికప్పుడు నకళ్లు తీయాలి. దీనికి మేనేజింగ్ డైరెక్టరో, కంపెనీ సెక్రటరీయో, బోర్డు నిర్ణయించిన మరొకరో బాధ్యత వహించాలి. ఆచరణలో దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ప్రతి సమావేశానికీ ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ముసాయిదా, దాన్ని పంపిన మెయిల్, వచ్చిన అభిప్రాయాలు, చైర్మన్ సంతకం చేసిన మూలఫైలు, ధ్రువీకరించిన నకలు, దాన్ని పంపిన మెయిల్ వరుసగా ఉంచాలి. మూలఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యేలా సెట్ చేయాలి. ఒక నకలు ఆఫీసులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ఎప్పుడూ నెట్‌కు తగిలించి ఉంచని హార్డ్ డిస్క్‌లో ఉంటే, ఒకచోట రాన్సమ్‌వేర్ వచ్చినా మరోచోట దక్కుతుంది.

సంతకం అయిన రోజే మూలఫైలు హ్యాష్‌ను తీసి రిజిస్టరులో రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. విండోస్‌లో దీనికి ఒక్క ఆదేశం చాలు:

```
certutil -hashfile BM-2025-06-04-signed.pdf SHA256
```

దీనికి జవాబుగా 64 అక్షరాల వరుస వస్తుంది. పదేళ్ల తర్వాత బ్యాకప్ నుంచి తీసిన ఫైలు మీద ఇదే ఆదేశం ఇస్తే అదే వరుస రావాలి. రాకపోతే ఆ నకలు చెడిపోయిందని తెలుస్తుంది, ఇంకో నకలు వెతకవచ్చు. ఏడాదికోసారి కొన్ని ఫైళ్లను ఇలా సరిచూసుకుంటే బ్యాకప్ నిజంగా పనిచేస్తోందో లేదో అవసరం రాకముందే బయటపడుతుంది.

ఈ హ్యాష్‌కు కోర్టులో కూడా చోటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా చూపాలంటే వెంట ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. ఒక భాగాన్ని రికార్డు సమర్పించేవారు, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్, ఏ పద్ధతిలో లెక్కగట్టారన్నది అందులో రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద ఇలాంటి సర్టిఫికెట్ తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. సంతకం నాడే హ్యాష్ రాసిపెట్టుకున్న కంపెనీకి ఈ పత్రం నింపడం తేలిక.

శాశ్వతంగా అంటే సాంకేతికత పాతబడే దాకా అని కాదు కనుక ఇంకో పని మిగిలి ఉంటుంది. హ్యాష్ పద్ధతులు కాలంతోపాటు బలహీనపడతాయి. ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన ఎస్‌హెచ్ఏ-1 పద్ధతిలో ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు తయారు చేసి చూపించారు. ఇప్పుడు వాడుతున్న ఎస్‌హెచ్ఏ-256 బలంగానే ఉంది. అయినా టైమ్‌స్టాంప్ సర్టిఫికెట్లకూ గడువు ఉంటుంది. ఆ గడువు ముగిసేలోగా పాత ఫైలు మీద, అప్పటికి బలమైన పద్ధతితో, కొత్తగా డాక్యుమెంట్ టైమ్‌స్టాంప్ వేయించాలి. ఇది పాత సంతకాన్ని ముట్టుకోకుండా ఫైలు చివర చేరుతుంది. ఈ రోజు వరకు ఫైలు మారలేదని చెప్పే కొత్త పొర అది. దాని తర్వాత హ్యాష్ మారుతుంది కనుక రిజిస్టరులో కొత్త వరుసను, మార్చిన తేదీని, కారణాన్ని రాసి, పాత ఫైలును కూడా ఉంచుకోవాలి.

పదవి నుంచి తప్పుకున్న డైరెక్టర్ తాను ఉన్న కాలంలోని సమావేశాల మినిట్స్ చూడాలని కోరవచ్చు. ఆ హక్కును ఎస్ఎస్-1 గుర్తిస్తుంది. అలాంటప్పుడు ఫోల్డర్ మొత్తానికి ప్రవేశం ఇవ్వకుండా, ఆ సమావేశాల ఫైళ్లను మాత్రమే, చదవడానికి వీలయ్యే రీతిలో, సెక్రటరీ సమక్షంలో చూపించాలి. ఎవరు, ఏ రోజున, ఏ ఫైళ్లు చూశారో రాసి ఉంచుకోవాలి.